సవరించిన ఫైలు ఒక్కటే చాలదు

బ్రోషర్లు, కరపత్రాలు, కంపెనీ పరిచయ పుస్తకాలు దిద్దిపెట్టే ఫ్రీలాన్స్ ఎడిటర్ల మధ్య ఒక మాట స్థిరపడిపోయింది. దిద్దిన ఫైలు పంపేస్తే పని అయిపోయినట్టే. ఏది తీసేశామో, ఏది చేర్చామో ట్రాక్ ఛేంజెస్‌లో ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది. దాని వెంట మళ్లీ ఒక ఉత్తరం పెట్టి, ఇది ఇందుకు మార్చాను, అది అందుకు తీసేశాను అని చెప్పుకోవడం సంజాయిషీ ఇచ్చుకోవడమే. చేసిన పని మీద నమ్మకం లేనివాళ్లే వివరణలు రాస్తారు. క్లయింటు ఎలాగూ చదవడు. చదివాడా, ప్రతి మార్పు మీదా బేరం మొదలుపెడతాడు. పైగా ఆ ఉత్తరానికి ఎవరూ డబ్బులివ్వరు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు సీనియర్లు చెప్పే బుద్ధులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

ఇందులో అనుభవం లేకపోలేదు. పొడుగు ఉత్తరాలు ఎవరూ చదవరన్నది నిజం. సంజాయిషీలా వినిపించే ఉత్తరాలు ఉన్నాయన్నదీ నిజమే. కానీ వాటి నుంచి అసలు ఉత్తరమే అక్కర్లేదని తేల్చడం తప్పు. మర్యాద కోసమో, క్లయింటును మంచి చేసుకోవడం కోసమో నేనీ మాట అనడం లేదు. బ్రోషరులో కొన్ని నిర్ణయాలు ఎడిటరు తీసుకోదగ్గవి, కొన్ని క్లయింటు మాత్రమే తీసుకోవలసినవి. ఏవి ఎవరివన్నది దిద్దిన ఫైలు ఎంత శుభ్రంగా ఉన్నా చెప్పలేదు. ఆ సంగతి చెప్పకుండా ఫైలు పంపిన ఎడిటరు, తనవి కాని నిర్ణయాలను తానే తీసుకుని ఉండాలి, లేదా తాను గమనించినవాటిని దాచి ఉండాలి. రెండింట్లో ఏది చేసినా పని సగంలో ఆగినట్టే.

వాదనగా చెబితే ఇది గాలిలో మాటలా ఉంటుంది. ఒక బ్రోషరు ముందు పెట్టుకుని చూద్దాం. హైదరాబాద్ శివార్లలో ఓపెన్ ప్లాట్ల వెంచర్, నాలుగు పేజీల తెలుగు బ్రోషరు. ఈ రకం పని నాలాంటివాళ్ల దగ్గరికి తరచూ వస్తుంది. పేర్లు తీసేసి, అలాంటి రెండు మూడు బ్రోషర్లలో కనబడే మాటల్ని ఒకచోట చేర్చి చెబుతున్నాను.

మూడో పేజీలో ప్లాట్ల కొలతల పట్టిక ఉంది. ఒక వరుసలో 30×50 అడుగులు, 167 గజాలు అని ఉంది. గజం అంటే తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి 1500ను తొమ్మిదితో భాగిస్తే 166.67 వస్తుంది. 167 అని సర్దుకున్నారు, ఇబ్బంది లేదు. తర్వాతి వరుసలో 36×50 అడుగులు, 200 గజాలు. ఇది కచ్చితంగా సరిపోయింది. దాని కింద 40×60 అడుగులు, 300 గజాలు అని ఉంది. 2400ను తొమ్మిదితో భాగిస్తే 266.67 రావాలి, 300 కాదు. ఎక్కడో తప్పు పడింది.

లెక్క తెలిసిన ఎడిటరు చేతులు ఇక్కడే దురద పెడతాయి. 300 కొట్టేసి 267 అని వేస్తే పట్టిక సరిపోతుంది. ట్రాక్ ఛేంజెస్‌లో ఆ అంకె ఎర్రగా కనిపిస్తుంది. పని అయిపోయింది. కానీ తప్పు ఆ అంకెలోనే ఉందని ఎవరు చెప్పారు? 45×60 అడుగులైతే 2700 చదరపు అడుగులు, సరిగ్గా 300 గజాలు. అంటే టైపు చేసినవాళ్లు 45 బదులు 40 కొట్టి ఉండవచ్చు. అప్పుడు తప్పు వెడల్పులో ఉంది, విస్తీర్ణం సరైనదే. ఎడిటరు దిద్దుబాటు వల్ల ఒక్క తప్పున్న వరుసలో ఇప్పుడు రెండు తప్పులున్నాయి. పైగా అంతకుముందు లెక్క వేసినవాళ్లకు తేడా కనబడేది. ఇప్పుడు రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోతున్నాయి కాబట్టి ఆ తప్పును ఇంకెవరూ పట్టుకోలేరు. గజం 20 వేల రూపాయలనుకుంటే ఆ వరుసలో దాదాపు ఆరు లక్షల 66 వేల రూపాయల తేడా ఉంది.

ఏది నిజమో లేఅవుట్ ప్లానులో ఉంది, లేదా సర్వే చేసిన మనిషి దగ్గర ఉంది. ఎడిటరు దగ్గర లేదు. కాబట్టి ఎడిటరు చేయవలసింది ఆ అంకెను దిద్దడం కాదు, క్లయింటును అడగడం. ఫైలు మార్జిన్‌లో కామెంటు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టాలి కూడా. కానీ ఆ కామెంటు పక్కనే కామాల మీద, ఒత్తుల మీద, పదాల మధ్య ఖాళీల మీద పెట్టినవి మరో పాతిక ఉంటాయి. అన్నీ ఒకే రంగు, ఒకే అక్షరం సైజు. ఆరు లక్షల ప్రశ్నకూ అరసెకను ప్రశ్నకూ మధ్య తేడా చూపించే ఏర్పాటు ఆ మార్జిన్‌లో లేదు. చూసేవాళ్లు మొదటి నాలుగు చదివి, అన్నీ ఇలాంటివేలే అనుకుని 'యాక్సెప్ట్ ఆల్' నొక్కేస్తారు. అలా నొక్కినందుకు వాళ్లను తప్పుపట్టలేం. ఏవి ముఖ్యమో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

మార్పులన్నీ ఫైలులోనే కనిపిస్తాయన్న వాదన తెలుగు పనిలో ఇంకో చోట కూడా కూలిపోతుంది. మనం వర్డ్‌లో యూనికోడ్ తెలుగులో దిద్దుతాం. అక్కడి నుంచి చాలా ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఆపరేటరు ఆ మేటర్‌ను అను ఫాంట్లలోకి కన్వర్ట్ చేసి పేజ్‌మేకర్‌లోనో, కోరల్‌డ్రాలోనో పెడతారు. అందుకు ముందు మార్పులన్నీ ఆమోదించేసి శుభ్రమైన మేటర్‌ను తీసుకోవాలి. ఎరుపు గీతలు అక్కడితో సరి. కన్వర్షన్‌లో పొల్లులూ ఒత్తులూ అక్కడక్కడా చెదురుతాయి. చివరికి పేజీ తయారై, పీడీఎఫ్ రూపంలోనో ఫొటోగానో వాట్సాప్‌లో కంపెనీ యజమానికి చేరుతుంది. నిర్ణయం తీసుకోవలసిన మనిషి మొదటిసారి బ్రోషరును చూసేది అప్పుడే. ఆయన చూస్తున్న పేజీలో ఏది ఎడిటరు మార్చారో, ఏది తాను రాయించిందో, ఏది ఇంకా ప్రశ్నగా ఉందో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. మార్కెటింగ్ కుర్రాడు ఎడిటరు నుంచి ఫైలు అందుకున్నాడు, ఆపరేటరు దాన్ని పేజీ చేశాడు, యజమాని ఫోనులో చూసి 'ఓకే' అన్నాడు. ఈ ముగ్గురిలో ట్రాక్ ఛేంజెస్ తెరిచి చదివినవాళ్లు ఎవరూ లేకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒక పేజీ ఉత్తరమైతే అదే వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతుంది. చేరవలసిన మనిషికి చేరుతుంది.

ఇక రెండో వాదన. వివరణ రాస్తే క్లయింటు బేరానికి దిగుతాడంటారు. దీనికి జవాబు చెప్పాలంటే అదే బ్రోషరు మొదటి పేజీకి వెళ్లాలి. అక్కడ పెద్ద అక్షరాల్లో 'మూడేళ్లలో మీ పెట్టుబడి రెట్టింపు గ్యారంటీ' అని ఉంది. మూడేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా దాదాపు 26 శాతం చొప్పున పెరగాలి. అలా పెరుగుతుందని గ్యారంటీ ఇవ్వడానికి ఆధారమేమీ బ్రోషరులో లేదు. ఎడిటరు ఆ వాక్యం తీసేస్తారు. ఉత్తరం లేదు. క్లయింటు పీడీఎఫ్ చూస్తాడు, తన అందమైన వాక్యం మాయమైంది. ఎడిటరుకు నచ్చక తీసేశారనుకుంటాడు. సేల్స్ వాళ్లు ఆ లైనే కావాలంటున్నారు కాబట్టి ఆపరేటరుకు ఫోను చేసి మళ్లీ పెట్టించేస్తాడు. మరీ జాగ్రత్తపరుడైతే దాని పక్కన చుక్క గుర్తు పెట్టించి, నాలుగో పేజీ అడుగున 'షరతులు వర్తిస్తాయి' అని ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో వేయిస్తాడు.

బేరం రాలేదు, నిజమే. బేరం లేకుండానే ఎడిటరు చేసిన అతి ముఖ్యమైన పని వృథా అయింది. ఉత్తరంలో రెండు వాక్యాలు ఉండి ఉంటే ఏం జరిగేదో చూడండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుడు గ్యారంటీ ఇవ్వడాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనల కిందే లెక్కగట్టింది. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అలాంటి ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. చుక్క గుర్తు కూడా కాపాడదు. 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం అడుగున వేసే షరతు, పైన చెప్పిన తప్పుడు మాటను సరిదిద్దలేదు. అసలు మాట ఏ భాషలో ఉందో షరతూ ఆ భాషలోనే ఉండాలి, అదే ఫాంటులో ఉండాలి. తెలుగు వాగ్దానానికి ఇంగ్లిషు షరతు పెట్టే మన అలవాటు అక్కడే చెల్లదు. ఇవి తెలిసిన క్లయింటు ఆ లైన్ వదులుకోవచ్చు, వదులుకోకపోవచ్చు. అది అతని ఇష్టం. కానీ అప్పుడు అతను ఎడిటరు అభిరుచితో కాదు, తన నష్టంతో బేరమాడుతున్నాడు. కారణం తెలియని మార్పు మీద వచ్చే బేరం తెగదు. కారణం తెలిసిన మార్పు మీద బేరం చాలాసార్లు మొదలే కాదు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, అది గట్టిది. చట్టం గురించి మాట్లాడడం ఎడిటరు పనా? సెక్షన్లు చెప్పి క్లయింటును భయపెడితే రేపు తేడా వచ్చినప్పుడు ఆ మాట ఎడిటరు మెడకే చుట్టుకోదా? ఎడిటరు న్యాయసలహా ఇవ్వకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ గమనించింది చెప్పడం వేరు, సలహా ఇవ్వడం వేరు. రియల్ ఎస్టేట్ బ్రోషరు దిద్దుతానని డబ్బు తీసుకున్న మనిషికి రెరా చట్టంలో బ్రోషరుకు సంబంధించిన నాలుగు విషయాలు తెలిసి ఉండాలి. 2016 నాటి ఆ చట్టంలో మూడో సెక్షన్ ప్రకారం నమోదు కాకముందు ప్రాజెక్టును ప్రచారం చేయకూడదు, బుకింగులు తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, దాటకపోతే మినహాయింపు ఉంది. మామూలు వెంచర్లు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. 11వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో నమోదు సంఖ్య ఉండాలి, రెరా అథారిటీ వెబ్‌సైట్ చిరునామా ప్రముఖంగా కనబడాలి. 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన కొనుగోలుదారుకు ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు తప్పుకోదలిస్తే కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా తిరిగివ్వాలి. నమోదు లేకుండా ప్రచారం చేస్తే అంచనా వ్యయంలో పది శాతం వరకు జరిమానా పడవచ్చు.

మన బ్రోషరులో 'రెరా రిజిస్టర్డ్' అని ఉంది, సంఖ్య లేదు. ఇందుకు రెండు కారణాలుండవచ్చు. సంఖ్య వచ్చింది, వేయడం మరచిపోయారు. లేదా దరఖాస్తు పెట్టారు, ఇంకా రాలేదు, అచ్చు మాత్రం ముందే వేయించేస్తున్నారు. మొదటిదైతే ఒక లైన్ చేరిస్తే సరిపోతుంది. రెండోదైతే ఈ బ్రోషరే అచ్చుకు వెళ్లకూడదు. ఎడిటరు ఖాళీ గీత ఒకటి పెట్టి వదిలేస్తే ఈ రెండింటి మధ్య తేడా ఎవరికీ కనబడదు. ఉత్తరంలో ఆ ప్రశ్న వేసి, చివర 'మీ లాయరుగారికి ఒకసారి చూపించండి' అని రాస్తే ఎడిటరు లాయరు పని చేసినట్టు కాదు. లాయరు చూడవలసిన చోటు చూపించినట్టు. మౌనంగా ఉంటే బాధ్యత తప్పుతుందనుకోవడం కూడా పొరపాటే. సంఖ్య లేని సంగతి చూసి, చెప్పకుండా బిల్లు పంపిన ఎడిటరును రేపు క్లయింటు అడిగే మొదటి ప్రశ్న, చూసి కూడా ఎందుకు చెప్పలేదని.

ఇంతకీ నేను సమర్థిస్తున్న ఉత్తరం ఎలా ఉంటుంది? సీనియర్లు వెక్కిరించే పొడుగు ఉత్తరమే నా మనసులో ఉందనుకోకుండా, పై బ్రోషరుకు నేను రాసే రకం ఉత్తరాన్ని ఇక్కడ పెడుతున్నాను.

'నమస్కారం సార్. బ్రోషరు దిద్దిన ఫైలు పంపుతున్నాను. అచ్చుకు ముందు మీరు తేల్చవలసినవి నాలుగున్నాయి. ఇవి నేను నిర్ణయించగలిగినవి కావు.

ఒకటి, మొదటి పేజీలో రెరా నమోదు సంఖ్య లేదు. చోటు ఖాళీగా ఉంచాను. దాని పక్కన rera.telangana.gov.in అని చేర్చాను, చట్టం ప్రకారం రెండూ ఉండాలి. నమోదు ఇంకా రాకపోతే బ్రోషరు అచ్చుకు పంపవద్దు, వాట్సాప్‌లో కూడా పంచవద్దు. మీ లాయరుగారికి ఒకసారి చూపించండి.

రెండు, మూడో పేజీ పట్టికలో 40×60 ప్లాటుకు 300 గజాలని ఉంది. ఆ కొలతకు 267 గజాలే వస్తాయి. 45×60 అయితే 300 సరిపోతుంది. ప్లాను చూసి ఏది సరైనదో చెప్పండి. నేను ఏ అంకెనూ మార్చలేదు, వరుసకు పసుపు రంగు వేసి ఉంచాను.

మూడు, "అన్నీ ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లే" అని రెండో పేజీలో ఉంది. నాలుగో పేజీ మ్యాపులో ఉత్తర దక్షిణాలుగా వెళ్లే రోడ్లకు రెండు వైపులా ప్లాట్లున్నాయి. రోడ్డుకు తూర్పు పక్కనున్నవి పడమర ముఖం అవుతాయి. మ్యాపు సరైనదైతే ఈ వాక్యం మార్చాలి.

నాలుగు, "ఓఆర్ఆర్ నుంచి 10 నిమిషాలు" అన్నచోట మీ మ్యాపులో దూరం 14 కిలోమీటర్లని ఉంది. పది నిమిషాల్లో వెళ్లాలంటే గంటకు 84 కిలోమీటర్ల వేగం కావాలి. ప్రస్తుతానికి నిమిషాలు తీసి "ఓఆర్ఆర్ ఎగ్జిట్ నుంచి 14 కిలోమీటర్లు" అని పెట్టాను. దూరం సరైనదేనా, ఏ ఎగ్జిట్ నుంచో చెప్పండి.

అర్థం మారేలా నేను తీసేసిన వాక్యం ఒక్కటే. "మూడేళ్లలో రెట్టింపు గ్యారంటీ." ఆధారం లేని గ్యారంటీ వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. అడుగున షరతు పెట్టినా ఆ దోషం పోదు. దాని బదులు ఇప్పటికే పూర్తయిన రోడ్లు, కరెంటు పనుల వివరాలు పెట్టుకోవచ్చు, మీరు పంపితే రాసిస్తాను.

మిగతావి అభిరుచికి సంబంధించినవి. "ప్రకృతి ఒడిలో" మూడుచోట్ల ఉంటే ఒకచోట ఉంచాను. మొదటి పేజీలో వర్ణన తగ్గించి, ఊరు, ప్లాట్ల సైజులు పైకి తెచ్చాను. చేతికందిన కాగితాన్ని జనం ముందు వాటికోసమే చూస్తారు. పాత వరసే కావాలంటే చెప్పండి, మార్చేస్తాను. వాస్తు గురించిన పేరా మీ ఖాతాదారులు అడుగుతారని ఉంచేశాను. అక్షరదోషాలు ఫైలులోనే దిద్దాను, విడిగా చూడనక్కర్లేదు.

ఫొటోలు, మ్యాపు, ఫోను నంబర్లు నేను సరిచూడలేదు. అనులోకి మార్చాక ప్రూఫు నాకొకసారి పంపితే పట్టికలోని అంకెలు, ఒత్తులు చూసి పెడతాను.'

ఇంతే. నిదానంగా చదివినా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇందులో సంజాయిషీ ఎక్కడుందో చూపించండి. ఎడిటరు ఎక్కడా తనను తాను సమర్థించుకోలేదు. తాను ఏం చేశారో చెప్పారు, ఏం చేయలేదో చెప్పారు, ఏం చేయకూడదో చెప్పారు. ఈ ఉత్తరం బలమంతా దాని వరసలో ఉంది. క్లయింటు జవాబు లేనిదే అచ్చుకు వెళ్లకూడనివి ముందు, అర్థం మార్చినవి తర్వాత, ఇష్టాయిష్టాలు ఆ తర్వాత, అక్షరదోషాలు ఒక్క వాక్యంలో. సగం చదివి ఆపేసినా రెరా సంఖ్య, పట్టికలోని అంకె కంటపడతాయి. క్లయింట్లు చదవరన్న ఫిర్యాదు నిజానికి ఈ వరస తలకిందులైన ఉత్తరాల గురించి. కామా ఎందుకు తీశానో మొదలుపెట్టి, రెరా గురించి చివరి పేరాలో గుర్తుచేసే ఉత్తరాన్ని చదవకపోవడం క్లయింటు తప్పు కాదు.

ఆ ఉత్తరంలో సీనియర్లు ఎక్కువగా అభ్యంతరపెట్టేది అభిరుచి పేరా. నా అభిరుచికి నేనే 'మీకు నచ్చకపోతే మార్చేస్తాను' అని తలుపు తెరిచి పెడితే ఇక ఎడిటరు దేనికంటారు. నేను సరిగ్గా ఇందుకు విరుద్ధంగా చెబుతాను. అభిరుచిని అభిరుచని ఒప్పుకోవడం వల్లే మిగతా మాటలకు బరువు వస్తుంది. 'ప్రకృతి ఒడిలో' మూడుసార్లు ఉంటే చట్టం అడ్డురాదు, కొనేవాడికి నష్టం లేదు. దాన్ని తీయాలనడం నా చెవికి సంబంధించిన విషయం. దాన్నీ రెరా సంఖ్యనూ ఒకే గట్టిదనంతో పట్టుబడితే క్లయింటు రెండింటినీ ఒకే తేలికతనంతో తోసేస్తాడు. ఇక్కడ సడలిస్తాను, అక్కడ సడలించను అని స్పష్టంగా చెప్పిన ఎడిటరు మాటకు, సడలించనన్నచోట విలువ ఉంటుంది. వాస్తు పేరా సంగతీ అంతే. నాకిష్టం లేదని తీయలేదు. చూసి కూడా ఉంచానని చెప్పాను. లేకపోతే క్లయింటుకు అది నా కంటపడలేదేమోనన్న అనుమానం మిగులుతుంది.

ఇక ఆఖరిది, డబ్బు. ఉత్తరం రాయడానికి ఎవరూ ఇవ్వరు కదా అన్న మాట. పేజీకి ఇంతని రేటు చెప్పి పని ఒప్పుకునేవాళ్లకు ఇది నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయను. కానీ లెక్క ఎటు వేస్తున్నామో చూసుకోవాలి. పై ఉత్తరం కోసం ఎడిటరు విడిగా కనిపెట్టిందేమీ లేదు. పట్టిక లెక్క, మ్యాపు పోలిక, నిమిషాల వేగం, సంఖ్య లేకపోవడం, ఇవన్నీ దిద్దుతున్నప్పుడే కనబడినవి. కనబడినప్పుడల్లా పక్కన ఒక కాగితం మీద రాసుకుంటే చివర వాటిని వరసలో పెట్టడమే మిగులుతుంది. ఉత్తరం లేనప్పుడు ఆ సమయం మిగలదు, ఫోనుల్లోకి వెళ్లిపోతుంది. ఆ లైన్ ఎందుకు తీశారు, ఈ అంకె ఎందుకు మారింది, పాత ఫైలు మళ్లీ పంపండి అంటూ మూడు వైపుల నుంచి వచ్చే కాల్స్‌కు కూడా ఎవరూ డబ్బులివ్వరు. రేటు మాట్లాడేటప్పుడే 'దిద్దిన ఫైలు, ఒక పేజీ వివరణ, ఒక ప్రూఫు పరిశీలన' అని మూడూ కలిపి చెప్పడం ఇందుకు మందు. పని విలువ ఏమిటో క్లయింటుకు తెలియడం లేదని వాపోతూనే, ఆ విలువను చూపించే ఒకే ఒక్క కాగితాన్ని దండగ అనడం నాకు అర్థంకాని సంగతి.

ఉత్తరం అన్నిటికీ రక్ష కాదు. అది చదివీ క్లయింటు గ్యారంటీ లైన్ మళ్లీ పెట్టించుకోవచ్చు, సంఖ్య లేకుండానే అచ్చు వేయించుకోవచ్చు. అప్పుడు చట్టం ముందు నిలబడవలసింది అతనే. ఎడిటరు చేయగలిగింది, కావాలంటే ఆ పని నుంచి తప్పుకోవడం. కానీ అప్పుడైనా ఒక సంగతి తేలిపోతుంది. అతను తెలిసి చేశాడు. ఉత్తరం లేని చోట తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది ఎప్పటికీ తేలదు. కొనుగోలుదారు 300 గజాలనుకుని డబ్బు కట్టి, కొలిస్తే 267 తేలినప్పుడు, బ్రోషరులో ఆ అంకె కొలతకు సరిపోదని క్లయింటుకు తెలియదు, ఆపరేటరుకు తెలియదు, తెలిసిన ఎడిటరు చెప్పలేదు. ఈ పరిస్థితిని వృత్తి గౌరవమని పిలిచేవాళ్లతోనే నా పేచీ.